బోర్డు మీద అక్షరాలు మనమే రాయాలి

నర్సీపట్నం మెయిన్ రోడ్డుకి రెండు పక్కలా ఫుట్‌పాత్‌లు, చెట్లు వస్తే ఎలా ఉంటుందో చూపించడానికి మా నలుగురం కలిసి ఒక బొమ్మ తయారుచేశాం. ఫోన్‌తో తీసిన ఫొటో ఆధారంగా ఇమేజ్ మోడల్‌తో చేసిన రెండర్ అది. సాయంత్రం ఎండ, షట్టర్ల మీద నీడలు, తడిసిన తారు, అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. సెమినార్‌కి ముందు ఒకసారి అబీద్ సెంటర్ దగ్గర మేం రోజూ టీ తాగే కొట్టు బాబాయ్‌కి చూపించాం. ఆయన చెట్లు చూడలేదు, ఫుట్‌పాత్ చూడలేదు. ఫోన్ లాక్కుని, రెండు వేళ్ళతో జూమ్ చేసి నేరుగా షాపు బోర్డుల మీదకి పోయాడు.

"ఇదేటి బాబూ, మనూరేనా? ఈ బోర్డు మీద రాసిందేటి, ఒడియావా కన్నడవా?"

రెండూ కాదు. తెలుగు అక్షరాలు ఎలా ఉంటాయో దూరం నుంచి చూసి, చదవడం రాని వాడెవడో గీసిన గీతలు. గుండ్రంగా ఉన్నాయి, పైన తలకట్టులాంటిది ఉంది, కింద ఒత్తులాంటిది వేలాడుతోంది. చదవబోతే ఒక్క అక్షరం కూడా లేదు. పక్కన ఇంటి గోడ మీద డోర్ నంబర్ ఇంకా విచిత్రం: మొదట 7, తర్వాత గీత, తర్వాత 3లాగా 8లాగా కనపడే ఏదో, చివర ఒక ఇంగ్లీషు అక్షరం ముక్క.

ఆ రోజు నుంచి రెండు వారాలు ఈ బోర్డుల మీదే కూర్చున్నాం. అందులోంచి వచ్చిన నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇలాంటి బొమ్మల్లో రాతని మోడల్ చేత బాగు చేయించాలని చూడకండి. బోర్డు ఖాళీ చేసి, మంచి ఫాంట్‌తో మనమే రాసి, అన్ని పనులూ అయ్యాక చివర్లో అతికించాలి. ఏం రాయాలో తెలియని చోట ఖాళీగానే వదిలెయ్యాలి. మా బ్యాచ్‌లో సగం మంది దీనికి ఒప్పుకోరు. "ప్రాంప్ట్ సరిగ్గా రాస్తే వస్తుంది" అంటారు. రాదు అని ఎందుకంటున్నానో లెక్కేసి చెప్తాను.

స్టేబుల్ డిఫ్యూజన్ 1.5నే తీసుకోండి, మన ల్యాప్‌టాప్‌లలో నడిచేది అదే కాబట్టి. అది 512×512 పిక్సెళ్ళ బొమ్మని నేరుగా గీయదు. 64×64 గళ్ళున్న చిన్న పటం మీద పని చేసి, ఆ పటాన్ని చివర్లో బొమ్మగా విప్పుతుంది. అంటే ఒక్కో గడికి 8×8 పిక్సెళ్ళు. ఆ 64 పిక్సెళ్ళకి మూడేసి రంగుల చొప్పున 192 సంఖ్యలుంటే, గడిలో దాచుకునేది నాలుగే. ఆకులకీ ఆకాశానికీ అది చాలు, ఎందుకంటే ఆకు ఎక్కడ మొదలైందన్నది ఎవరూ లెక్కపెట్టరు. ఇప్పుడు బొమ్మలో 120 పిక్సెళ్ళ వెడల్పు, 24 పిక్సెళ్ళ ఎత్తు ఉన్న షాపు బోర్డు ఊహించుకోండి. దానికి దక్కేవి పొడవునా 15 గళ్ళు, ఎత్తున 3 గళ్ళు. ఆ మూడు గళ్ళ ఎత్తులో "స్టోర్స్" అనే మాట పట్టాలి. ఓత్వం, కింద ట ఒత్తు, దాని పక్కన ర కింద స ఒత్తు, పైన పొల్లు, అన్నీ అక్కడే.

ఇంగ్లీషుకి ఈ ఇరుకులో కాస్త వెసులుబాటుంది. పెద్దక్షరాలన్నీ ఒకే వరసలో నిలబడతాయి, పైన కింద ఏమీ ఉండదు. మనకి అలా కాదు. ధ లోపల చుక్క పెడితే థ అయిపోతుంది. ర లో చుక్క పడితే ఠ. గుడికీ గుడి దీర్ఘానికీ తేడా పైనున్న చిన్న మెలిక. బోర్డు ఆ సైజులో ఉన్నప్పుడు ఆ మెలిక ఒక పిక్సెల్, మహా అయితే రెండు.

ఇది చూపు వైపు సమస్య. చెవి వైపు ఇంకొకటుంది. మనం ప్రాంప్ట్‌లో రాసిన మాట మోడల్‌కి అక్షరాలుగా చేరదు, ముక్కలుగా చేరుతుంది. ఇంగ్లీషులో తరచూ వచ్చే మాట మొత్తం ఒకే ముక్కగా పోతుంది. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి మూడు బైట్లు. "స్త్రీ" మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు. ఇంగ్లీషు మీద పెరిగిన ముక్కల పట్టికకి ఆ 18 బైట్లు పొడిపొడిగా అందుతాయి. ఏ గుర్తు దేని కిందకి చేరి ఏ ఆకారం తీసుకుంటుందో దానికి ఎవరూ చెప్పలేదు. స్టేబుల్ డిఫ్యూజన్ 3, ఫ్లక్స్ లాంటి తర్వాతి మోడళ్ళలో ఒక్కో గడికి నాలుగు బదులు 16 సంఖ్యలు ఇచ్చారు, భాష చదివే భాగాన్ని కూడా పెద్దది చేశారు. అందుకే ఇంగ్లీషు బోర్డులు చాలావరకు బాగుపడ్డాయి. "అయితే తెలుగూ బాగుపడుతుంది, ఆగండి" అనేది స్నేహితుల రెండో వాదన. బాగుపడొచ్చు, కాదనను. కానీ సెమినార్ అప్పటిదాకా ఆగలేదు. పైగా బాగుపడినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది, అది డోర్ నంబర్ల దగ్గర చెప్తాను.

ఇప్పుడు మా కిరాణా షాపు బోర్డు సంగతి. షాపు అసలు పేరు ఇక్కడ ఎందుకు గానీ, "కిరాణా స్టోర్స్" అన్న భాగం వరకే చూపిస్తా.

మొదటి పని బోర్డుని ఖాళీ చేయడం. ప్రాంప్ట్‌లో "ఖాళీ బోర్డు" అన్నా మోడల్ ఊరుకోదు, ఏదో ఒకటి గీకుతుంది, దానికి బోర్డంటేనే గీతలు. అందుకని గింప్‌లో ఆ గీతల మీద హీల్ టూల్‌తో బోర్డు ఎరుపునే పరిచాం. ఒకే రంగు బకెట్‌తో పోసేశారో, బోర్డు మీదున్న వెలుగు నీడలు కూడా పోతాయి. అవి తర్వాత కావాలి.

రెండో పని రాయడం. మన ఇంజినీరింగ్ పిల్లలు ఎక్కువగా ఇక్కడే పడతారు. ఓపెన్‌సీవీ వచ్చు కదా అని `putText` వాడితే తెలుగు బదులు ప్రశ్నార్థకాల వరస వస్తుంది, దాని దగ్గరున్న ఫాంట్లకి మన లిపి తెలియదు. పైథాన్‌లో పిల్లో లైబ్రరీ తెలుగు ఫాంట్‌ని తెరుస్తుంది, కానీ రాక్మ్ అనే భాగం లేకపోతే ఒత్తుల్ని కూర్చలేదు. అప్పుడు "స్టోర్స్" అన్నది స పక్కన పొల్లు, దాని పక్కన విడిగా టో, ఇలా వస్తుంది. ఈ విడిపోయిన ఒత్తుల్ని మీరు ఇదివరకే చూసుంటారు, ఎన్నో పోస్టర్ల మీద, ఫ్లెక్సీల మీద ఉంటాయి. అంటే గజిబిజి తెలుగు మనకి కొత్తేం కాదు, మోడళ్ళ కంటే ముందే మన సాఫ్ట్‌వేర్లు దాన్ని అచ్చేశాయి. గింప్‌లో గానీ ఇంక్‌స్కేప్‌లో గానీ టైప్ చేస్తే ఈ బాధ లేదు, ఒత్తులు వాటి చోట కూర్చుంటాయి. బోర్డులు పాతిక ఉన్నాయి కాబట్టి మేం కోడ్ రాసుకున్నాం.

మూడోది బోర్డు వాలుకి తగ్గట్టు వంచడం. మా బొమ్మ 1536×1024. కిరాణా బోర్డు రోడ్డు వెంబడి లోపలికి పోతోంది, ఎడమ అంచు 78 పిక్సెళ్ళ ఎత్తు, కుడి అంచు 61. నాలుగు మూలలూ జూమ్ చేసి నోట్ చేసుకుంటే మిగతాది కోడ్ చూసుకుంటుంది.

```python
from PIL import Image, ImageDraw, ImageFont, features
import numpy as np, cv2

assert features.check("raqm")
Y = (250, 215, 60)
font = ImageFont.truetype("Ramabhadra-Regular.ttf", 72)
flat = Image.new("RGBA", (840, 140), Y + (0,))
ImageDraw.Draw(flat).text((420, 70), "కిరాణా స్టోర్స్",
    font=font, fill=Y + (255,), anchor="mm")

src = np.float32([[0, 0], [840, 0], [840, 140], [0, 140]])
dst = np.float32([[412, 238], [722, 262], [722, 323], [412, 316]])
H = cv2.getPerspectiveTransform(src, dst)
layer = cv2.warpPerspective(np.array(flat), H, (1536, 1024))
Image.fromarray(layer).save("board.png")
```

ఇందులో 840×140 ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యం. బొమ్మలో బోర్డు 310 వెడల్పు, సగటున 70 ఎత్తు, అంటే దాదాపు 4.4కి 1. మొదట మేం అదే నిష్పత్తిలో చదునుగా రాసి వంచాం. వాలు సరిగ్గానే ఉంది, మూలలూ కలిశాయి, అయినా స్టిక్కర్ అంటించినట్టే కనపడింది. ఎందుకో చాలాసేపు అర్థం కాలేదు. అసలు బోర్డు 12 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు, 6కి 1. పక్క నుంచి చూస్తున్నాం కాబట్టి వెడల్పు కుదించుకుపోయి 4.4 అయింది. బోర్డు కుదించుకుపోయినప్పుడు అక్షరాలు కూడా సన్నబడాలి కదా! మేం రాసినవి ఎదురుగా నిలబడి చూస్తున్నంత వెడల్పుగా ఉన్నాయి. 6కి 1 లో రాసి వంచగానే కుదిరిపోయింది. ఎత్తు 140 అన్నది బొమ్మలో ఉన్నదానికి రెండింతలు. ఇంకా పెద్దగా రాసి ఒక్కసారిగా కుదిస్తే ఒత్తుల సన్నగీతలు మెట్లుమెట్లుగా తెగిపోతాయి.

ఇంకో చిన్న విషయం. ఖాళీ భాగానికి కూడా అక్షరాల పసుపు రంగే ఇచ్చి, పూర్తిగా పారదర్శకం చేశాం. మామూలుగా అక్కడ నలుపు ఉంచేస్తారు. వంచేటప్పుడు ఆ నలుపు అంచుల్లోకి ఇంకి, ప్రతి అక్షరం చుట్టూ సన్నటి మసి గీత వస్తుంది.

నాలుగోది, రాతని ఆ వీధి వెలుతురులోకి తేవడం. యూట్యూబ్‌లో చూసి లేయర్‌ని మల్టిప్లై మోడ్‌లో పెడితే మా పసుపు అక్షరాలు మాయమైపోయాయి. తెల్ల బోర్డు మీద నల్ల రాతకి ఆ మోడ్ సరిపోతుంది. ఎర్ర బోర్డు మీద పసుపుని గుణిస్తే ఎరుపే మిగులుతుంది. కాబట్టి రాతని మామూలు మోడ్‌లో ఉంచి, ఖాళీ బోర్డు మీది వెలుగు నీడల్ని నలుపు తెలుపు కాపీగా తీసి, బాగా బ్లర్ చేసి, దాన్ని పైన మల్టిప్లైలో వేశాం. బోర్డు ఎడమ కొసన రేకు నీడ ఉంది. "కి" మీద కూడా ఆ నీడ పడగానే అది గోడకి అతుక్కుంది. ఆ తర్వాత పదును. పక్కనున్న షట్టర్ అంచు దగ్గర జూమ్ చేసి చూస్తే ముదురు నుంచి లేతకి మారడానికి మూడు పిక్సెళ్ళు పడుతోంది. మా అక్షరాల అంచు ఒక్క పిక్సెల్‌లో మారిపోతోంది. ఒక పిక్సెల్ గాసియన్ బ్లర్ ఇచ్చాక రెండూ ఒకే కెమెరా తీసినట్టు కుదిరాయి.

ఇదంతా చేసి, పెద్ద ప్రింట్ కావాలని ఆ బొమ్మని మళ్ళీ మోడల్ ఆధారిత అప్‌స్కేలర్‌లో వేశాడు మావాడొకడు. తెల్లారి చూస్తే "స్టోర్స్"లో ట ఒత్తు ఊడిపోయి స కింద ఒక సున్నా మిగిలింది. బొమ్మ మొత్తాన్ని తిరిగి ఆ 8×8 గళ్ళలోకి పంపించినట్టే కదా. మార్పు శాతం ఎంత తక్కువ పెట్టినా, గళ్ళలోకి వెళ్ళి వచ్చినందుకే చిన్న అక్షరాలు నలిగిపోతాయి. పెద్దది చేయడం, రంగులు సరిచేయడం, అన్నీ ముందు అయిపోవాలి. రాత చివరి పని.

దూరంగా ఉన్న బోర్డుల సంగతేంటి? రోడ్డు చివర చింతపల్లి వైపు మలుపులో ఉన్న బోర్డులు మా బొమ్మలో ఎనిమిదో పదో పిక్సెళ్ళ ఎత్తు. అక్కడ రాత చదవలేం, చదవనక్కర్లేదు. కానీ మోడల్ గీసిన గజిబిజిని బ్లర్ చేసి వదిలేస్తే సరిపోదు. అక్కడ కూడా సరైన మాట రాసి, కుదించి, దానంతటదే మసకబారనిచ్చాం. తేడా ఉంటుందా అంటే ఉంటుంది. నిజమైన మాట మసకబారితే మాటల మధ్య ఖాళీలు, కొమ్ములు, ఒత్తులు కిందకి దిగిన చోట్లు నిలుస్తాయి, చూసేవాడు "దూరంగా ఉంది" అనుకుంటాడు. గజిబిజి మసకబారితే "ఏదో తేడాగా ఉంది" అనుకుంటాడు. నా లెక్కలో ఒత్తుతో కలిపి అక్షరం ఎత్తు 12 పిక్సెళ్ళ కంటే తగ్గితే చదివించాలని తాపత్రయపడటం వృథా.

ఇక డోర్ నంబర్లు. ఇక్కడ నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది.

అంకెలు పదే కాబట్టి మోడల్ వాటిని బాగానే గీస్తుంది, అసలు ప్రమాదం అదే. షాపు పేరు తప్పయితే టీ కొట్టు బాబాయ్ చూడగానే పట్టేస్తాడు. నంబర్ తప్పయితే ఎవరూ పట్టుకోలేరు. మన మునిసిపాలిటీల్లో నంబరు మామూలుగా వార్డు, బ్లాకు, ఇల్లు వరసలో గీతలతో ఉంటుంది. ఇల్లు వాటాలు పడితే చివర ఏటవాలు గీత, బై నంబరు. మా ఫొటోలో ఒక ఇంటి నంబరు పలక 38×14 పిక్సెళ్ళు, మసక. అప్‌స్కేలర్‌లో వేస్తే చక్కగా, పదునుగా 5-3-18 అని వచ్చింది. సంబరపడ్డాం. నాకెందుకో అనుమానం వచ్చి సీడ్ మార్చి మళ్ళీ వేశాను. ఈసారి అంతే చక్కగా, అంతే పదునుగా 6-8-13.

అంటే ఆ నంబరు ఫొటోలో లేదు. అప్‌స్కేలర్ చదివింది కాదు, కల్పించింది. ఈ సీడ్ పరీక్ష ఎవరైనా చేయొచ్చు: రెండు మూడు సీడ్‌లతో ఒకే నంబరు రాకపోతే దాన్ని నమ్మకండి. ఒకటే వచ్చినా అది రుజువు కాదు, కాబట్టి ఎదురు పరీక్ష కూడా పెట్టుకోండి. 3 ఒకటి, 8 ఒకటి మీరే రాసి అదే సైజుకి కుదించి, అంతే మసక చేసి ఫొటో పక్కన పెట్టండి. రెండూ ఒకేలా సరిపోతే అది 3 అని గానీ 8 అని గానీ చెప్పడానికి ఫొటోలో ఆధారమే లేనట్టు.

ఇది ఇమేజ్ మోడళ్ళతోనే మొదలైన జబ్బు కాదు. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్ర పరిశోధకుడు జెరాక్స్ వర్క్‌సెంటర్ మెషిన్లలో స్కాన్ చేసిన ఒక ఇంటి ప్లాన్ చూశాడు. గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు ఉండాల్సింది, స్కాన్‌లో మూడు గదులకీ 14.13 అనే ఉంది. మెషిన్ ఫైల్ సైజు తగ్గించడానికి, ఒకేలా కనపడే ముక్కల్ని ఒక్కసారే దాచుకుని మిగతా చోట్ల అదే అతికిస్తోంది. దానికి చిన్న అంకెలు ఒకేలా కనపడ్డాయి. 6 ఉన్న చోట 8 పడిన స్కాన్లు కూడా దొరికాయి. కంపెనీ చివరికి సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. అక్కడ ఒక్క అంకె కూడా మసకగా లేదు, అందుకే అన్నాళ్ళు ఎవరికీ అనుమానం రాలేదు.

మోడళ్ళు రేపు తెలుగు రాయడం నేర్చినా మిగిలే చిక్కు ఇదే. రాయడం వచ్చినంత మాత్రాన ఆ ఇంటి నంబరు ఎంతో దానికి తెలియదు. మా బొమ్మ రోడ్డు గురించి. ఫుట్‌పాత్ ఏ ఇంటి మెట్ల దాకా వస్తుందో అందులో కనపడుతుంది. అలాంటి బొమ్మ వాట్సాప్‌లో తిరిగితే, మెట్లు పోతున్నట్టున్న ఇంటి గోడ మీద పక్కింటి నంబరు ఉంటే, ఎవరింటికి వెళ్ళి సమాధానం చెప్పాలి? అందుకని మేం పలకలన్నీ ఖాళీ చేసేశాం. పలక ఉంది, మేకులు ఉన్నాయి, అంకెల్లేవు. "అసంపూర్తిగా ఉంది" అని సెమినార్‌లో ఒక మార్కు తగ్గింది. తగ్గనివ్వండి.

"బోర్డులు ఎవడు చదువుతాడ్రా" అన్నవాళ్ళకి మాత్రం జవాబు నేను చెప్పను, బాబాయ్ దగ్గరికి పంపిస్తాను. కొత్త బొమ్మ పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. అలాగే లాక్కుని, అలాగే జూమ్ చేసి, మెడికల్ షాపు, చెప్పుల షాపు, కిరాణా, ఒక్కొక్కటీ పైకి చదువుకుంటూ పోయాడు. మధ్యలో ఆగిపోయాడు.

"మరి నా కొట్టు బోర్డేది బాబూ?"

ఫొటోలో కొమ్మ అడ్డొచ్చి ఆ పేరు కనపడలేదు, తెలియనిది రాయకూడదని ఖాళీగా వదిలేశాం. పేరు మేమే గుర్తు తెచ్చుకుని రాయొచ్చు కదా అంటారా, మూడేళ్ళుగా టీ తాగుతున్న మా నలుగురిలో ఒక్కడికీ గుర్తు రాలేదు. నలుగురం ఒకేసారి తలెత్తి ఆయన నెత్తి మీదున్న బోర్డు వైపు చూశాం.